2 లక్షల రికార్డులకు 4 పేజీలు, 11 కోట్లకు 5 పేజీలే: బీ-ట్రీ ఇండెక్స్ ఎత్తు ఎందుకు పెరగడం లేదు?

గాజువాక_రమణ

అందరికీ నమస్కారం. మాది విశాఖ పోర్టుకు వచ్చే కంటైనర్ లారీల గేటు ఎంట్రీలు నమోదు చేసే సాఫ్ట్‌వేర్. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. లారీ లోపలికి వచ్చినా, తూకం వేసినా, బయటికి వెళ్లినా gate_events టేబుల్‌లో ఒక రికార్డు పడుతుంది. ప్రైమరీ కీ id, బిగ్‌ఇంట్, వరుసగా పెరుగుతూ పోతుంది. టెస్ట్ సర్వర్‌లో 2 లక్షల రికార్డులున్నాయి, ప్రొడక్షన్‌లో 11 కోట్లు. ఒకే క్వెరీ రెండు చోట్లా నడిపాను.

```sql
EXPLAIN (ANALYZE, BUFFERS)
SELECT * FROM gate_events WHERE id = 150000;
```

```
టెస్ట్:        Buffers: shared hit=4
ప్రొడక్షన్:    Buffers: shared hit=5
```

టేబుల్ 550 రెట్లు పెద్దది, చదివిన పేజీలు మాత్రం ఒక్కటే ఎక్కువ. ఇది నిజమేనా, లేక నేను చూస్తున్న అంకె ఇంకేదైనా చెబుతోందా? ఇంకో సంగతి, మా మేనేజర్ గారు "ఇండెక్స్ బరువెక్కిపోతుంది, టేబుల్‌ను ఏడాదికొకటి చొప్పున విడగొట్టండి" అంటున్నారు. ఆయనకు జవాబు చెప్పాలంటే లోపల ఏం జరుగుతోందో ముందు నాకు అర్థం కావాలి.

కంచరపాలెం_నాయుడు

రమణా, మా దగ్గరా ఇదే గొడవ. లారీ నంబర్ చివరి నాలుగంకెలతో వెతికితే నిమిషం పడుతోంది. `LIKE '%4521'` అని రాశాం. ఇండెక్స్ ఉన్నా వాడడం లేదు. నీకు 5 పేజీల్లో ఎలా వచ్చింది?

సింహాచలం_శ్రీను

రమణ గారూ, ఇండెక్స్ అంటే బ్యాలెన్స్ అయిన చెట్టు. కొత్త కీ వచ్చినప్పుడల్లా చెట్టు తనను తాను తిప్పుకుని రెండు వైపులా సమానం చేసుకుంటుంది. కాబట్టి వెతకడానికి లాగరిథమ్ అన్ని అడుగులు చాలు. 2 లక్షలకు సుమారు 18, 11 కోట్లకు 27. నిజానికి 9 అడుగులు ఎక్కువ పడుతున్నాయి. పై పేజీలు మెమరీలోనే ఉంటాయి కాబట్టి పోస్ట్‌గ్రెస్ వాటిని లెక్కలో చూపించడం లేదు. అందుకే మీకు తేడా ఒకటే కనిపిస్తోంది.

పద్మజ_డీబీఏ

శ్రీను గారు చెప్పిన 18, 27 అంకెలు సరైనవే, కానీ అవి పేజీల లెక్క కాదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఒక సవరణ: `shared hit` అంటేనే మెమరీలో దొరికిన పేజీలు. డిస్క్ నుంచి తేవాల్సి వస్తే `read` అని చూపిస్తుంది. మెమరీలో ఉన్నంత మాత్రాన ఏ పేజీనీ లెక్కలోంచి వదిలేయదు. రమణ గారు చూసినవి నిజంగా 5 పేజీలే: ఇండెక్స్‌లో 4, టేబుల్‌లో 1.

కారణం పేజీ సైజులో ఉంది. పోస్ట్‌గ్రెస్ పేజీ 8192 బైట్లు. ముందు 24 బైట్ల హెడర్, చివర్లో బీ-ట్రీ కోసం పక్కన పెట్టే 16 బైట్లు పోతే 8152 మిగులుతాయి. చివరి ఆ 16 బైట్లలో ఎడమ పక్క పేజీ ఏది, కుడి పక్క పేజీ ఏది, మనం ఏ లెవెల్‌లో ఉన్నాం అన్న సమాచారం ఉంటుంది. బిగ్‌ఇంట్ కీ ఉన్న ఒక్కో ఎంట్రీకి 8 బైట్ల హెడర్, 8 బైట్ల కీ, పేజీలో అది ఎక్కడుందో చెప్పే 4 బైట్ల పాయింటర్, మొత్తం 20 బైట్లు. అంటే ఒక పేజీలో 407 ఎంట్రీలు పడతాయి.

అట్టడుగున ఉన్న లీఫ్ పేజీల్లో ప్రతి ఎంట్రీ టేబుల్‌లోని ఒక రికార్డు చిరునామా. పైనున్న పేజీల్లో ప్రతి ఎంట్రీ కింది లెవెల్‌లోని ఒక పేజీ చిరునామా. ఒక్క అడుగు కిందికి దిగితే రెండు దారుల్లో ఒకటి కాదు, వందల దారుల్లో ఒకటి ఎంచుకుంటున్నాం. రమణ గారి కీలాగా ఎప్పుడూ పెరిగే కీ అయితే పోస్ట్‌గ్రెస్ లీఫ్‌ను 90 శాతం, పై పేజీలను 70 శాతం నింపి వదిలేస్తుంది. అలా లీఫ్‌కు సుమారు 366 రికార్డులు, పై పేజీకి సుమారు 285 పిల్లలు. ఒక రూట్ పిల్ల కింద, దాని కింద ఇంకో లెవెల్, ఆపై లీఫ్‌లు ఉంటే 285 × 285 × 366, అంటే దాదాపు 2.97 కోట్ల రికార్డులు.

రమణ గారూ, pageinspect ఎక్స్‌టెన్షన్ వేసి (సూపర్‌యూజర్ అయ్యుండాలి) మీ రూట్‌ను ఒకసారి చూడండి. 11 కోట్లను 2.97 కోట్లతో భాగిస్తే 3.7 వస్తుంది. మీ రూట్ పేజీలో నాలుగే ఎంట్రీలు ఉండాలి.

నాయుడు గారూ, మీది వేరే సమస్య. బీ-ట్రీలో కీలు మొదటి అక్షరం నుంచి క్రమంలో ఉంటాయి. మీరు చివర నుంచి వెతుకుతున్నారు కాబట్టి ఏ దారిలో దిగాలో దానికి తెలియదు. `reverse(lorry_no) text_pattern_ops` అని ఇండెక్స్ వేసి, వెతికే మాటను కూడా తిప్పి రాయండి, లేదా pg_trgm చూడండి. దీనికి విడిగా ఒక థ్రెడ్ తెరిస్తే వివరంగా మాట్లాడుకుందాం.

గాజువాక_రమణ

మేడమ్, చూశాను.

```sql
SELECT root, level, fastroot, fastlevel
FROM bt_metap('gate_events_pkey');
--  116406 | 3 | 116406 | 3

SELECT type, live_items, btpo_level
FROM bt_page_stats('gate_events_pkey', 116406);
--  r | 4 | 3
```

సరిగ్గా నాలుగు! 407 పట్టే పేజీలో నాలుగే ఉన్నాయంటే రూట్ దాదాపు ఖాళీగా ఉన్నట్టే కదా. లీఫ్ 0, రూట్ 3, మొత్తం నాలుగు లెవెల్స్ అని అర్థమైంది. కానీ రూట్ బ్లాక్ నంబర్ 116406 ఏమిటి? రూట్ అంటే ఫైల్ మొదట్లో ఉంటుందనుకున్నాను. టెస్ట్ సర్వర్‌లో కూడా రూట్ నంబర్ 1 కాదు.

హారిక_ఏయూ

నమస్తే, నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఎంసీఏ చదువుతున్నాను. నాకు రెండు సందేహాలు. శ్రీను గారు చెప్పినట్టు చెట్టు తిప్పుకోవడం ఏవీఎల్ ట్రీలో చదివాం. ఇక్కడ అది లేకపోతే, కీలన్నీ కుడి వైపే వచ్చి పడుతున్నప్పుడు కుడి కొమ్మ మాత్రమే పొడవు అవ్వాలి కదా? రెండోది, ఒక పేజీలో 366 కీలు ఉంటే వాటిలో వెతకడానికీ సమయం పడుతుంది. ఆ ఖర్చు ఎక్కడికి పోయింది?

పద్మజ_డీబీఏ

హారికా, రెండో ప్రశ్న నుంచే మొదలుపెడదాం, శ్రీను గారి 27 అంకె అక్కడే ఉంది. పేజీ లోపల బైనరీ సెర్చ్ జరుగుతుంది. 366 ఎంట్రీల లీఫ్‌లో సుమారు 8.5 పోలికలు, 285 ఎంట్రీల పేజీలో 8.2, అలాంటివి రెండు, రూట్‌లో నాలుగే కాబట్టి 2. కలిపితే 27! పోలికలు ఏమాత్రం తగ్గలేదు. ఆ 27 పోలికలు 27 వేర్వేరు చోట్ల కాకుండా నాలుగు పేజీల్లో సర్దుకున్నాయి, అంతే. మెమరీలోకి వచ్చేసిన పేజీలో ఎనిమిది పోలికలు ఖర్చే కాదు. ఖర్చంతా కొత్త పేజీ తెచ్చుకోవడంలోనే. బేయర్, మెక్‌క్రైట్ 1970 ప్రాంతంలో బోయింగ్ పరిశోధనశాలలో ఈ నిర్మాణాన్ని రూపొందించింది కూడా డిస్క్ మీద ఉండే పెద్ద ఇండెక్స్‌ల కోసమే.

ఇప్పుడు కొమ్మ పొడవు సంగతి. చిన్న లెక్కతో చూద్దాం. పేజీకి 4 కీలే పడతాయనుకో. 10, 20, 30, 40 వచ్చాయి. పేజీ నిండింది. ఇదే రూట్, ఇదే లీఫ్. ఇప్పుడు 25 వచ్చింది, చోటు లేదు.

```
[10 20 30 40]  +25

        [25]
       /    \
 [10 20]    [25 30 40]
```

కుడి పక్కన కొత్త పేజీ పుట్టింది, పై సగం అందులోకి వెళ్లింది, రెండింటికీ హద్దుగా 25 కాపీ పైకి వెళ్లింది. పైన పేజీయే లేదు కాబట్టి కొత్త రూట్ తయారైంది. తర్వాత 50 వస్తే కుడి లీఫ్‌లో నాలుగో చోటులో కూర్చుంటుంది. ఆ తర్వాత 35 వస్తే అదే లీఫ్ [25 30], [35 40 50] అని చీలుతుంది, 35 రూట్‌లోకి ఎక్కి [25 35] అవుతుంది. ఇక్కడ గమనించు: కొత్త లీఫ్ పాత లీఫ్ కింద పుట్టలేదు, పక్కన పుట్టింది. లీఫ్ ఎప్పుడూ కిందికి దిగదు.

ఇలా సాగి రూట్ [25 35 50 70] అయి నిండిందనుకో. ఇంకో లీఫ్ చీలి 90ని పైకి పంపింది. ఇప్పుడు చోటు లేనిది రూట్‌కే.

```
            [50]
          /      \
   [25 35]        [70 90]
```

ఈసారి 50 కాపీగా కాదు, కింది నుంచి తీసేసి పైకి వెళ్లింది. లీఫ్‌లో 50 ఎలాగూ ఉంది, మధ్య లెవెల్‌లో ఇంకోసారి ఉండాల్సిన పని లేదు. (పోస్ట్‌గ్రెస్ ఫైల్ అమరికలో హద్దు కీలను దాచే తీరు కొంచెం వేరు, కానీ కదలిక ఇదే.) ఎత్తు పెరిగే చోటు ఈ ఒక్కటే, రూట్ చీలినప్పుడు. అది పెరిగినప్పుడు ప్రతి లీఫ్‌కూ ఒకేసారి ఒక మెట్టు పెరుగుతుంది. అందుకే ఒక కొమ్మ పొడవు, ఒక కొమ్మ పొట్టి అవ్వడం సాధ్యం కాదు, తిప్పడమూ అక్కర్లేదు.

రమణ గారి 116406 కూడా ఇక్కడే తేలుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో రూట్ చీలితే పాత రూట్ తన బ్లాక్‌లోనే ఎడమ పిల్లగా ఉండిపోతుంది. కొత్త రూట్ ఆ క్షణంలో దొరికిన కొత్త బ్లాక్‌లో పుడుతుంది, దాని చిరునామా బ్లాక్ 0లో ఉండే మెటాపేజీలో రాస్తారు. మీ చివరి రూట్ పుట్టేనాటికి ఫైల్ లక్షా పదహారు వేల పేజీలకు చేరింది.

ఎంవీపీ_సుధీర్

మైఎస్‌క్యూఎల్ వాళ్ల కోసం ఒక మాట: ఇన్నోడీబీలో దీనికి తలకిందులు. అక్కడ రూట్ పేజీ నంబర్ మారదు. రూట్ నిండితే అందులోని సరుకంతా కొత్త పేజీలోకి కాపీ చేసి, ఆ పేజీని చీలుస్తారు. పేజీ కూడా 16 కేబీ. ఫలితం మాత్రం అదే.

సింహాచలం_శ్రీను

చెట్టు ఎలా సమానంగా ఉంటుందో అర్థమైంది మేడమ్. కానీ చీలిక గురించి నా అభ్యంతరం ఉంది. ఒక ఇన్సర్ట్ వల్ల లీఫ్ చీలి, దాని పేరెంట్ చీలి, రూట్ దాకా పోతుంది కదా. 11 కోట్ల ఇన్సర్ట్‌లకు ఇది జరుగుతూ ఉంటే సర్వర్ మీద భారం తక్కువేమీ కాదు. ఇండెక్స్ ఉంటే ఇన్సర్ట్ స్లో అనేది అందుకే.

పద్మజ_డీబీఏ

రూట్ దాకా పోగలదు, నిజమే. ఎన్నిసార్లు పోతుందో లెక్క వేద్దాం. రమణ గారి కీ విషయంలో లీఫ్ చీలడం 366 ఇన్సర్ట్‌లకు ఒకసారి. దాని పేరెంట్ చీలడం 366 × 285, అంటే సుమారు లక్షా నాలుగు వేలకు ఒకసారి. ఆ పై లెవెల్ 2.97 కోట్లకు ఒకసారి.

ఇక రూట్. మొదటిసారి 407 రికార్డులు దాటగానే. రెండోసారి 407 × 366 దగ్గర, అంటే 1.49 లక్షలకు. మూడోసారి 407 × 285 × 366 దగ్గర, 4.24 కోట్లకు. నాలుగోసారి దాన్ని మళ్లీ 285తో గుణించండి, 1,210 కోట్లకు. 11 కోట్ల ఇన్సర్ట్‌లలో రూట్ చీలింది మూడంటే మూడు సార్లు. 2 లక్షల టెస్ట్ టేబుల్ రెండో చీలిక దాటింది, ప్రొడక్షన్ మూడోది దాటింది. రమణ గారికి కనిపించిన 4కూ 5కూ తేడా ఆ ఒక్క చీలికే.

చీలేటప్పుడు అందరినీ ఆపరు కూడా. పోస్ట్‌గ్రెస్ లేమన్, యావ్ 1981లో చెప్పిన పద్ధతిని అనుసరిస్తుంది. ప్రతి పేజీలో ఇక్కడ ఉండగల కీల పై హద్దు, కుడి పక్క పేజీకి లింక్ ఉంటాయి. లీఫ్ చీలింది కానీ పేరెంట్‌లో ఇంకా రాయలేదు, ఆ సందులో మీ సెలెక్ట్ పాత పేజీకి వచ్చిందనుకోండి. వెతికే కీ ఆ హద్దు దాటి ఉంటే, కుడి లింక్ పట్టుకుని పక్క పేజీకి వెళ్తుంది. అక్కడ దొరుకుతుంది.

అసలు చీల్చే ముందు కూడా చచ్చిన ఎంట్రీలేమైనా ఉంటే తీసి చోటు చేయడానికి ప్రయత్నిస్తుంది. కీలు పదే పదే వచ్చే ఇండెక్స్ అయితే వెర్షన్ 13 నుంచి ఒకే కీ ఎంట్రీలను కలిపి కుదిస్తుంది.

భీమిలి_ప్రసాద్

మేడమ్, నాది సరిగ్గా శ్రీను గారు చెప్పిన బాధే. బుకింగ్స్ టేబుల్, 5 కోట్ల రికార్డులు, ప్రైమరీ కీ `gen_random_uuid()`. ఏడాది క్రితం గంటలో అయిపోయే ఇంపోర్ట్ ఇప్పుడు రాత్రంతా నడుస్తోంది, పొద్దున్నే ఆఫీసులో టెన్షన్. మా చెట్టు బాగా ఎత్తైపోయిందని మా సీనియర్ అంటున్నారు. రీఇండెక్స్ చేస్తే కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మామూలే.

పద్మజ_డీబీఏ

ప్రసాద్ గారూ, ఎత్తు మీదా రమణ గారిదీ ఒకటే అయ్యుండాలి. యూయూఐడీ 16 బైట్లు, ఎంట్రీ 28 బైట్లు, పేజీకి 291 పడతాయి. కీలు చెల్లాచెదురుగా వస్తే పేజీ సగానికి చీలి, మెల్లగా నిండి, మళ్లీ చీలుతుంది. అలాంటి చెట్టులో పేజీలు సగటున 69 శాతం దగ్గర స్థిరపడతాయి. అంటే పేజీకి 200 అనుకోండి. 200తో 5 కోట్లు మోయడానికి కూడా నాలుగు లెవెల్స్ చాలు.

బాధ ఎక్కడంటే, రమణ గారి ఇన్సర్ట్‌లన్నీ కుడి చివరి లీఫ్ ఒక్కదానిలోనే పడతాయి. అది ఎప్పుడూ మెమరీలో ఉంటుంది. మీ ప్రతి ఇన్సర్ట్ రెండున్నర లక్షల లీఫ్‌లలో ఏదో ఒకదానికి పోతుంది. ఇండెక్స్ మెమరీలో పట్టినంత కాలం ఏమీ తెలియదు. పట్టకపోయిన రోజు నుంచి ఒక్కో ఇన్సర్ట్‌కు ఒక్కో లీఫ్ డిస్క్ నుంచి రావాలి. పైగా ప్రతి చెక్‌పాయింట్ తర్వాత ఒక పేజీని మొదటిసారి ముట్టుకుంటే, ఆ 8 కేబీ పేజీ మొత్తం వాల్ లాగ్‌లోకి రాస్తారు. 28 బైట్ల ఎంట్రీ కోసం 8 కేబీ!

రీఇండెక్స్ చేస్తే లీఫ్‌లు 90 శాతానికి నిండి ఇండెక్స్ చిన్నదవుతుంది, కొన్నాళ్లు మెమరీలో పడుతుంది. కానీ అలా నిండిన లీఫ్‌ల మీద చెల్లాచెదురు కీలు పడితే అన్నీ దాదాపు ఒకే కాలంలో చీలడం మొదలవుతాయి. మళ్లీ మామూలే అన్నది అదే. pgstattuple వేసి `pgstatindex` ఫలితం, మీ `shared_buffers` విలువ పెట్టండి.

ఎంవీపీ_సుధీర్

ఇన్నోడీబీలో ఇది ఇంకా ఎక్కువ నొప్పి. అక్కడ టేబులే ప్రైమరీ కీ చెట్టు, అంటే చీలేది మొత్తం రికార్డులున్న పేజీలు. మిగతా ప్రతి ఇండెక్స్ కూడా ప్రైమరీ కీని మోస్తుంది. యూయూఐడీని 36 అక్షరాల టెక్స్ట్‌గా పెట్టిన టేబుల్ ఒకటి నా చేతికి వచ్చింది. దాన్ని 16 బైట్ల బైనరీకి మార్చగానే ఇండెక్స్‌లన్నీ కనిపించేంతగా చిక్కాయి.

హారిక_ఏయూ

అయితే ఎత్తు నిజంగా ఎప్పుడు సమస్య అవుతుంది? ఎప్పటికీ కాదా?

పద్మజ_డీబీఏ

కీ లావైతే అవుతుంది. 500 బైట్ల యూఆర్ఎల్ మీద నేరుగా ఇండెక్స్ వేశావనుకో, కుదించడం లేదనుకుంటే పేజీకి 15 పడతాయి. చెల్లాచెదురుగా వస్తే 10, 11 దగ్గర ఉంటాయి. 11 కోట్లకు 8 లెవెల్స్ అవుతాయి. అప్పుడు ఎత్తూ పెరిగింది, పై లెవెల్స్ కూడా మెమరీని తింటాయి. రమణ గారి ఇండెక్స్ మొత్తం 2.3 జీబీ ఉంటుంది, అందులో లీఫ్‌లు తీసేస్తే మిగిలినవి 1,060 పేజీలు, 8 ఎంబీ చిల్లర. అవి ఎప్పుడూ మెమరీలోనే ఉంటాయి, డిస్క్‌కు వెళ్తే గిళ్తే ఆ లీఫ్ ఒక్కదాని కోసమే వెళ్లాలి. లావు కీలో ఈ సౌకర్యం పోతుంది.

ఇండెక్స్ ఎంట్రీ 2704 బైట్లు దాటితే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు, `index row size ... exceeds btree version 4 maximum 2704` అని ఆపేస్తుంది. పేజీకి కనీసం మూడు ఎంట్రీలు పట్టకపోతే చెట్టు చీల్చడమే కుదరదు, అందుకే మూడో వంతు దగ్గర గీత గీశారు. అలాంటి చోట విలువకు హ్యాష్ తీసి దాని మీద ఇండెక్స్ వేస్తారు. సమానం కోసం వెతకడానికి అది చాలు, క్రమంలో చదవడానికి పనికిరాదు.

గాజువాక_రమణ

మేడమ్, అయితే మేనేజర్ గారికి ఏడాదివారీ విడగొట్టడం వద్దని చెప్పమంటారా?

పద్మజ_డీబీఏ

ఎత్తు కోసమైతే వద్దనే చెప్పండి. 11 కోట్లను నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 2.75 కోట్లు, 4.24 కోట్ల గీత కింద పడుతుంది, మీకు మిగిలేది ఒక్క పేజీ చదవడం. అదీ మెమరీలో ఉన్న పేజీ. కానీ పాత ఏళ్ల డేటా తీసేసే పని ఉంటే మాట వేరు. 3 కోట్ల రికార్డులు డిలీట్ చేసి వాక్యూమ్ నడపడం కన్నా ఒక పార్టిషన్‌ను డ్రాప్ చేయడం ఎంతో తేలిక. డిలీట్ చేస్తే చెట్టు ఎత్తు కూడా తగ్గదు. పూర్తిగా ఖాళీ అయిన లీఫ్‌లను వాక్యూమ్ తీసేస్తుంది, పైన ఒకే పిల్లతో మిగిలిన లెవెల్స్ అలాగే ఉంటాయి. వాటిని దాటి నేరుగా కిందికి దిగడానికే bt_metapలో మీరు చూసిన fastroot.

సింహాచలం_శ్రీను

నేనైతే పార్టిషన్ చేయమనే అంటాను మేడమ్. డిలీట్ లేకపోయినా, 11 కోట్ల టేబుల్ మీద వాక్యూమ్ ఒక్కసారి మొదలైతే ఎంతసేపు పడుతుందో నేను చూశాను. ముక్కలైతే పాత ఏళ్ల జోలికి అది పెద్దగా వెళ్లదు.

పద్మజ_డీబీఏ

వాక్యూమ్ వాదనలో బలముంది. కానీ id ఒక్కదానితో వెతికే క్వెరీలో ఏడాది లేకపోతే ప్రతి పార్టిషన్ ఇండెక్స్‌లోనూ దిగాలి. పైగా ప్రైమరీ కీలో తేదీ కాలమ్‌ను కూడా చేర్చాల్సి వస్తుంది. రమణ గారి క్వెరీల్లో ఎన్నింటిలో తేదీ ఉందో చూడకుండా ఇటో అటో చెప్పలేం.

భీమిలి_ప్రసాద్

ఇవిగో మేడమ్:

```
tree_level         | 3
leaf_pages         | 242718
avg_leaf_density   | 70.8
leaf_fragmentation | 49.9

shared_buffers = 128MB
```

పద్మజ_డీబీఏ

ఎత్తు 3, రమణ గారిదీ 3. మీ సీనియర్ గారికి ఈ మొదటి వరుస చూపించండి. ఇండెక్స్ దాదాపు 1.9 జీబీ, దానికి మీరిచ్చింది ఇన్‌స్టాల్ చేసినప్పుడు వచ్చే 128 ఎంబీ. ఆపరేటింగ్ సిస్టమ్ కాష్ కొంత కాపాడుతూ వచ్చింది, ఇప్పుడు అదీ చాలడం లేదు. సర్వర్‌లో మొత్తం ర్యామ్ ఎంత? ముందు ఆ విలువ పెంచి ఒక రాత్రి ఇంపోర్ట్ చూడండి. కొత్త రికార్డులకు కాలక్రమంలో పెరిగే యూయూఐడీ వెర్షన్ 7 వాడితే ఇన్సర్ట్‌లు కుడి చివరకు చేరతాయి. పోస్ట్‌గ్రెస్ 18లో `uuidv7()` ఉంది.

భీమిలి_ప్రసాద్

ర్యామ్ 16 జీబీ. వెర్షన్ 7 కీలో సమయం కనిపిస్తుంది కదా, మా బుకింగ్ నంబర్లు కస్టమర్లకు లింక్‌లో వెళ్తాయి. దానికి క్లయింట్ ఒప్పుకుంటారో లేదో అడగాలి. shared_buffers 4 జీబీకి పెంచి ఈ రాత్రి నడుపుతున్నాను, రేపు `hit`, `read` అంకెలు రెండూ ఇక్కడ పెడతాను.